అక్క పాటకు ఎనిమిది గడులు

రాజోలులో ఒక ఫ్యాన్సీ షాపు మీద గది అద్దెకు తీసుకుని పిల్లలకు కీబోర్డు నేర్పుతాను. కోపిష్టి మేస్టారని పేరు. ఊరికే రాలేదు ఆ పేరు, కష్టపడి సంపాదించుకున్నాను. పాట వినకుండా వేళ్లు చూసుకుంటూ వాయించేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. అంతకు ముందు పాతికేళ్లు ఆర్కెస్ట్రాతో పెళ్లిళ్లకూ అమ్మవారి తీర్థాలకూ తిరిగాను.

పాటకు కార్డులు, అంటే పాట కింద ఒకేసారి కలిపి మోగించే మూడేసి స్వరాల గుత్తులు, పెట్టడం నేర్పేటప్పుడు పిల్లల చేత నోటుపుస్తకంలో గడులు గీయిస్తాను. పాటను తాళం ప్రకారం ముక్కలు చేసి ఒక్కో ముక్క ఒక్కో గడిలో రాయాలి. తర్వాత అడుగుతాను. "ఈ గడిలో పాట ఏ స్వరం మీద బరువేసి నిలబడింది? ఆ స్వరం ఏ కార్డులో ఉందో అది పెట్టు. దారిన పోయే స్వరాల్ని లెక్కపెట్టకు." ఈ మాట ఎన్ని వందలసార్లు చెప్పి ఉంటానో నాకే తెలియదు. చెప్పడం వేరు, చెయ్యడం వేరని నా యాభయ్యో ఏట మా అక్క దగ్గర తెలిసింది.

అక్క నాకన్నా పదేళ్లు పెద్దది. అమ్మ మంచాన పడ్డాక నన్ను పెంచింది అక్కే. సఖినేటిపల్లి రేవు పక్కన ఉంటుంది. బావగారు పంటు మీద పనిచేస్తారు, నరసాపురం నుంచి ఇటూ ఇటునుంచి అటూ జనాన్నీ మోటారు సైకిళ్లనూ దాటిస్తూ. అక్కకు సంగీతం రాదు. కానీ నన్ను నిద్రపుచ్చడానికి తనే కట్టుకున్న చిన్న జోలపాట ఒకటుంది. మాటలు లేవు. ఊఁ అంటూ తీసే కూనిరాగం, అంతే. తర్వాత తన కూతుర్ని, అంటే నా మేనకోడల్ని కూడా ఆ రాగంతోనే పెంచింది.

వేసవి నుంచీ అక్క గొంతు బొంగురుపోయింది. జలుబన్నారు, పడిశమన్నారు, మిరియాల కషాయం తాగించారు. చివరికి కాకినాడలో పరీక్షలు చేసి, గొంతులో రాచపుండు ముదిరిపోయిందనీ, స్వరపేటిక మొత్తం తీసేయాలనీ చెప్పారు. సోమవారం చేరాలి. ఆ కబురు బావగారు ఫోన్లో చెప్పారు. "మాట ఇంక రాదంటన్నారండి," అన్నారు. ఇంకెప్పటికీనా అని అడిగాను. "ఆయ్," అన్నారు. ఫోను పెట్టేశారు.

శుక్రవారం పొద్దున్నే బస్సెక్కి వెళ్లాను. దారంతా ఏడుపు ఆపుకున్నాను, గుమ్మంలో మాత్రం ఆగలేదు.

"ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని, ముందు కూర్చో. పనుంది," అంది అక్క.

ఆ గొంతు అక్కదిలా లేదు. ఇసుక మీద చాప ఈడ్చినట్టుంది.

పని ఏమిటంటే, మేనకోడలు కువైట్లో ఉంది. మొగుడూ పెళ్లాం ఇద్దరికీ అక్కడే ఉద్యోగం. దానికి నెలలు నిండాయి. ఇంకో పదిహేను రోజుల్లో పురుడు. పుట్టబోయే బిడ్డ అమ్మమ్మ గొంతు వినాలంటే సోమవారం లోగా ఆ జోలపాట ఫోన్లోకి ఎక్కించాలి. ఆ తర్వాత పాడటానికి గొంతే ఉండదు.

"ఉత్తినే పాడితే నిలవట్లేదురా. మధ్యలో పడిపోతన్నాను. కింద నీ కీబోర్డు మోగుతా ఉంటే దాన్ని ఆనుకుని పాడతాను," అంది. "ఒక్కటి మాత్రం చెప్తున్నాను. నా పాట నువ్వు వాయించకు. నువ్వు కింద ఉండు, పైన నేనుంటాను."

సరేనని రాజోలు వచ్చి కీబోర్డు సర్దుకున్నాను. సాయంత్రం పిల్లల్ని పంపేసి పుస్తకంలో ఎనిమిది గడులు గీశాను. మూడు దెబ్బల తాళం, ఎనిమిది గడుల పాట. ఇంత చిన్న పాటకు ఆలోచించేదేముంది? అక్క శ్రుతికి ట్రాన్స్‌పోజ్ నొక్కేస్తే ఏ పాటనైనా సి లోనే వాయించుకోవచ్చు. అంటే సి మెట్టే షడ్జమం. మొదటి గడిలో గాంధారం నిలబడుతుంది, సి మేజర్. రెండోది షడ్జమం, మళ్లీ సి. మూడోది రిషభం, జి మేజర్. నాలుగులో పంచమం సాగుతుంది, తిరిగి సి. ఐదో గడిలో ప ద ప. పంచమం రెండుసార్లు వచ్చింది కదా, సి. ఆరులో గాంధారం, అదీ సి. ఏడులో రిషభం, జి. ఎనిమిదిలో షడ్జమానికి చేరుతుంది, సి తో ముగింపు. పావుగంటలో అయిపోయింది. గర్వంగా పుస్తకం మూశాను కూడా, సిగ్గులేకుండా.

శనివారం పొద్దున అక్క ఇంటి వసారాలో కీబోర్డు పెట్టాను. పక్కింటి పెరట్లో కొబ్బరికాయలు వొలుస్తున్నారు. బావగారు వెళ్లి కాసేపు ఆపమని బతిమాలి వచ్చారు. అక్క పీట మీద కూర్చుని మొదలుపెట్టింది.

నాలుగు గడులు బాగానే నడిచాయి. ఐదులో తడబడింది. మళ్లీ మొదలుపెడితే మళ్లీ అక్కడే. మూడోసారీ అంతే. ధైవతం అందుకోబోయి గబుక్కున పంచమంలోకి జారిపోతోంది.

"అక్కడ నన్ను కిందకి లాగేస్తన్నావురా," అంది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఉన్న కాస్త గొంతూ ఇలా ఖర్చయిపోతోందన్న భయం ఒక పక్క. భయమేసినా నాకు వచ్చేది కోపమే.

"నేను లాగడమేంటే? పాటలో ఉన్నదే పెట్టేను. ఈ పాట పాతికేళ్ల నుంచి వాయిస్తున్నాను, నాకు తెలీదా?"

అనేశాక నాలుక కరుచుకున్నాను. అక్క నా వైపు తిరిగింది.

"ఎక్కడ వాయించేవు?"

ఇంక దాచేదేముంది. చెప్పాను. పెళ్లి స్టేజీల మీద జనం అక్షింతలు వేయడానికి వరసలో వచ్చేటప్పుడు మేము మెల్లగా ఏదో ఒకటి వాయిస్తూ ఉండాలి. అప్పుడు అక్క జోలపాటే వాయించేవాణ్ని. అందరికీ నచ్చేది. పక్కన తబలా అతను ఎవరి ట్యూన్ గురూ అని అడిగితే నాదేనన్నాను. ఒకసారి అన్నాక అదే ఖాయమైపోయింది. వేళ్లకు సులువుగా ఉంటుందని మలుపులన్నీ సాపుచేసి, ధైవతాన్ని అలా తాకి వదిలేసి పంచమం మీద నిలబెట్టాను. నిన్న గడుల్లో రాసుకుంది అక్క పాట కాదు, నేను స్టేజీ మీద వాయించిన పాట. ఇంతసేపూ తను పాడుతుంటే నేను విననేలేదు. పిల్లల్ని దేనికి తిడతానో సరిగ్గా ఆ తప్పే చేశాను.

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"పోనీలే. అది నీ పాట, ఉంచుకో," అంది. "ఇది నాది. విను."

ఐదో గడి ఒక్కటే పాడింది. పంచమాన్ని గుమ్మంలా దాటేసి ధైవతం మీదకు ఎక్కి, అక్కడ రెండు దెబ్బలు ఆగి, చివర్లో పంచమాన్ని తాకి దిగింది. బరువంతా ధైవతం మీదే. పంచమం రెండుసార్లు వస్తే మాత్రం ఏం, రెండూ దారిన పోయేవే. నేను కింద పెట్టిన సి మేజర్‌లో ఉన్నవి స గ ప. అందులో ధైవతానికి చోటు లేదు. అందుకే ఆ కార్డు మీద నిలబడలేక పంచమంలోకి జారిపోతోంది పాపం. నేను చెయ్యి మార్చి ఎఫ్ మేజర్ పట్టాను. మ ద స. అక్క మళ్లీ పాడింది. ఈసారి జారలేదు. నిలబడింది. మొహంలో ఎంత తెరిపి వచ్చిందో!

"ఆఁ, అదీ," అంది.

ఆరో గడిలో గాంధారం. సి పట్టాను.

"అప్పుడే ఇంటికొచ్చేసినట్టుందిరా. ఇంకా రెండడుగులుంది కదా."

సంగీతం రాదన్నాను కదా మా అక్కకు. నా పాతికేళ్ల సర్వీసు ఎందుకు, కాల్చనా? గాంధారం ఎ మైనర్‌లో కూడా ఉంటుంది, ద స గ. అది పట్టాను. పాట ఆగకుండా, ఇల్లు చేరకుండా కాస్త దిగులుగా ముందుకు జరిగింది. అక్క తలూపింది. ఏడులో జి, ఎనిమిదిలో సి. ఇల్లు చేరడం అక్కడ.

నీళ్లు తాగించి, ఫోను పీట పక్కన పెట్టి, రికార్డింగు నొక్కాను.

అక్క కళ్లు మూసుకుని పాడింది. బొంగురు గొంతే. అయినా ఒక్క స్వరమూ తప్పలేదు. ఐదో గడిలో ధైవతం మీద నిలబడినప్పుడు నేను మళ్లీ చిన్నపిల్లాణ్ని అయిపోయాను. చెక్క ఉయ్యాల గొలుసు చప్పుడు కూడా గుర్తొచ్చింది. ఆరు దాటింది. ఏడులో రిషభం వణికింది. ఎనిమిదిలో నోరు తెరిచింది. షడ్జమం రాలేదు. గాలి వచ్చింది.

నా కుడిచెయ్యి దానంతటదే పై షడ్జమం మీదకు పోయింది. అక్క కళ్లు తెరిచి చూసి, అడ్డంగా తలూపింది. కింద ఉండు అన్న మాట గుర్తొచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఎడమచేత్తో కింది షడ్జమం, కుడిచేత్తో గాంధారం, పంచమం పట్టుకుని మూడు దెబ్బలూ ఆగాను. పైన చోటు ఖాళీగా ఉండిపోయింది.

తర్వాత దగ్గు తెర వచ్చింది. రుమాలు ఎర్రబడింది. కాసేపాగి మళ్లీ ప్రయత్నించింది, మొదటి గడి దగ్గరే ఆగిపోయింది. ఆదివారం కూడా అంతే. ఆ ఒక్కటే దక్కింది. అదే కువైట్ పంపాను.

సోమవారం చేరింది, బుధవారం ఆపరేషను చేశారు. మెడ కింద చిన్న రంధ్రంతో ఇంటికొచ్చింది. ఊపిరి అందులోంచే. మాట్లాడాలంటే పలక. కీబోర్డు అక్క ఇంట్లోనే ఉంచేశాను. రాజోలులో ఇంకోటుంది. నిజానికి దాన్ని తీసుకెళ్లడానికి నాకు మొహం చెల్లలేదు.

ఆడపిల్ల పుట్టింది. నెల నిండాక ఒక మధ్యాహ్నం మేనకోడలు వీడియో కాల్ చేసింది. నేను అక్కడే ఉన్నాను. పాట వినిపించేటప్పుడు కింద నేను కూడా కలిపి వాయిద్దామని ముందే కీబోర్డు ఆన్ చేసి, ఆర్గన్ టోన్ పెట్టి, శ్రుతి సరిచేసి ఉంచుకున్నాను.

"మావయ్యగారూ, రోజూ ఇదేనండి. అమ్మ పాట పెట్టకపోతే పడుకోదండి," అంది మేనకోడలు. రెండో ఫోన్లో పాట పెట్టింది. బిడ్డ ఏడుపు మెల్లగా తగ్గింది.

అక్క నా పక్కనే నిలబడి తన గొంతు తనే వింటోంది. నేను గడి గడికీ కార్డులు పట్టుకుంటూ వెళ్లాను. సి, సి, జి, సి. ఎఫ్. ఎ మైనర్. ఎంత ఆపుకున్నా కళ్లు మసకబారుతున్నాయి. జి. ఎనిమిదో గడి వచ్చింది. ఫోన్లో గాలి చప్పుడు.

అక్క చెయ్యి నా చెయ్యి మీదుగా వచ్చింది. పుట్టి బుద్ధెరిగి ఆ మెట్లు ముట్టుకున్న మనిషి కాదు. వేలు పెట్టి నొక్కింది. నిషాదం. తప్పు. తనకే తెలిసిపోయింది, పక్క మెట్టు మీదకు జరిగింది. షడ్జమం మోగింది.

పాట అయిపోయింది. నేను చేతులు తీసేశాను. ఆర్గన్ టోన్లో వేలు పైకి తీసేదాకా స్వరం మోగుతూనే ఉంటుంది. బిడ్డ పడుకుందమ్మా అంటోంది మేనకోడలు గుసగుసగా. అక్క వేలు తీయలేదు. తీయమని నేనూ అనలేదు.