వెనక వరస మసకగా ఉంటుందన్నాను

ఆ ఆదివారం మధ్యాహ్నం, మేం తీసిన డాక్యుమెంటరీని మొదటిసారి ఆ ఊరివాళ్ళకే చూపిస్తుంటే, తెర మీద వెనక వరసలో ఒకావిడ నవ్వు స్పష్టంగా కనపడింది. పై పళ్ళలో ఒకటి లేదని కూడా తెలుస్తోంది. ఆ మొహం ఎవరికీ కనపడదని నేను మాటిచ్చాను. మసకగా ఉంటుందని కెమెరాలో చూపించి మరీ చెప్పాను.

ఎలా జరిగిందో మొదటి నుంచీ చెప్తాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

వినుకొండ దగ్గర ఒక ఊళ్లో, మిరపకాయలకు తొడిమలు తీసే ఆడవాళ్ళ మీద సినిమా అది. మేం ముగ్గురం. దర్శకత్వం నాది, కెమెరాకి ఒకతను, సౌండ్ చూసే అమ్మాయి. కారు డిక్కీలో రెండే లెన్సులు: ఎనభై అయిదు మిల్లీమీటర్ల ప్రైమ్, ఇరవై నాలుగు నుంచి నూట అయిదు దాకా వెళ్ళే జూమ్.

నేను ప్రైమ్ పక్షం. దాన్ని తిప్పి దగ్గరా దూరం చేయడం కుదరదు, మనమే నడవాలి. కానీ దాని అపర్చర్, అంటే వెలుతురు లోపలికి వెళ్ళే కంత, బాగా పెద్దగా తెరుచుకుంటుంది. ఆరడుగుల దూరంలో మనిషి కళ్ళ మీద ఫోకస్ పెడితే బెత్తెడు మందమే తేటగా ఉంటుంది. కళ్ళు తేటగా ఉంటే చెవులు కరిగిపోతాయి. వెనకున్నదంతా వట్టి రంగులే.

కెమెరా అతను జూమ్ పక్షం. "ఆవిడ కూచున్నచోట కూచోదండీ. కాయలు పోసుకోడానికి లేస్తది, తాలు కాయలేరడానికి పక్కకి జరుగుద్ది. నేను ఫోకస్ పట్టుకునేలోపు ఇంటికెళ్ళిపోద్ది" అన్నాడు. అతను చెప్పిందీ నిజమే. అయినా నా మాటే నెగ్గింది, నాకు నోరెక్కువ.

మేం మాట్లాడిస్తున్న పెద్దావిడ ముందు కూచుంది. ఆమె వెనక వరసలో నలభై అయిదేళ్ళ మనిషి ఒకామె, కెమెరా చూడగానే కొంగు ముక్కుదాకా లాక్కుంది.

"అమ్మా, నన్ను పడనీయొద్దు. పక్కూరి పాస్టరుగారి ఇంటావిడని నేను. ఆయనకి తెలుసు గానీ చర్చి సంఘానికి తెలీదు. తెలిస్తే ఇంక నన్ను పనికి రానీయరు."

పక్కన కూచున్నామె అందుకుంది. "ఒసే, ఆ కొంగు తియ్యవే, ఊపిరాడక చస్తావ్!" అందరూ పకపకా నవ్వారు. ఈమె కూడా నవ్వింది.

పాపం, ఇల్లు గడవక వస్తోంది కాబోలు అనుకున్నాను. ఒక ముక్క తీసి, పిలిచి కెమెరా తెర మీద చూపించాను. ముందు పెద్దావిడ మొహం చెక్కినట్టుంది. వెనక, ఈమె ఉండాల్సిన చోట, తెల్లటి మరక.

"ఇది నేనా? ఎవరో ఆరేసిన చీరలాగుంది" అని మురిసిపోయింది. "ఇట్టా అయితే తీసుకోండి."

ఆ రోజంతా అట్లాగే తీశాం. మర్నాడు గాలి మొదలైంది. కాయలు ఆరబోసిన కల్లం నిండా మిరప దుమ్ము. సౌండ్ అమ్మాయి తుమ్ముకొక మాట రికార్డు చేస్తోంది. ఆ దుమ్ములో లెన్సు ఊడదీస్తే కెమెరా లోపలి సెన్సర్ మీద పడుతుంది, పడితే ప్రతి షాటులోనూ మచ్చే. అందుకని కారు తలుపులు బిగించుకుని కూచుని, ఏదో ఒక లెన్సు తగిలించుకుని దిగితే సాయంత్రం దాకా దాంతోనే పని. ఈసారి కెమెరా అతను పట్టుబట్టాడు, నేను జూముకి ఒప్పుకున్నాను.

ఇక్కడే వచ్చింది చిక్కు. మండే ఎండలో ప్రైము కంత పూర్తిగా తెరవాలంటే ముందు నల్లద్దం బిగించాలి, మనం చలవద్దాలు పెట్టుకున్నట్టు. మా దగ్గరున్న నల్లద్దం ప్రైముకే సరిపోతుంది. జూము మూతి పెద్దది, పట్టదు. షట్టర్ వేగం పెంచితే కదలికలు తెగినట్టు కనపడతాయి. ఇంక వెలుతురు తగ్గించడానికి కంత మూయడమొక్కటే దారి.

"కంత పదహారుకి మూశానండీ" అన్నాడు.

"సరే" అన్నాను.

నా నేరమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. కంత మూసేకొద్దీ వెలుతురు తగ్గుతుంది, దాంతోపాటు ఫోకస్‌లో ఉండే లోతు పెరుగుతుంది. పైగా జూమును ఇరవై నాలుగు దగ్గర, వెడల్పుగా పెట్టాం. ముందు కూచున్న మనిషి దగ్గర్నుంచి కల్లం చివర బొప్పాయి చెట్టు దాకా అన్నీ తేటగానే ఉంటాయి. ఈ పని నేర్చుకున్న మొదటి నెలలోనే చెప్తారు ఈ సంగతి. నాకు వెలుతురు సరిపోయిందన్నదే వినపడింది, ఆమె గుర్తు రాలేదు.

ఇంకా ఘోరం, ఎడిటింగులో ఆ షాటు కనీసం ఇరవై సార్లు చూసుంటాను. ఆడవాళ్ళంతా కనపడుతున్నారు, ఎరుపు ఎంత దూరం పోయిందో చూడండి అని మెచ్చుకున్నాను కూడా. ఆ మొహాల్లో ఒకటి నేను మాటిచ్చిన మొహం అని ఒక్కసారీ తట్టలేదు. ఆమె మరక అని నా బుర్రలో స్థిరపడిపోయింది, కళ్ళు దాన్నే నమ్మాయి.

ఆ ఆదివారం ఊళ్లో ఒక హాలు కిటికీలకు పరదాలు కట్టి సినిమా వేశాం. ముందు ప్రార్థన చేయించాలని పెద్దావిడ చుట్టాలు పక్కూరి నుంచి పాస్టరుగారిని తీసుకొచ్చారు, వాళ్ళది ఆ సంఘమే. ఆయన వెనక తెల్లచీర కట్టుకుని ఆమె. నన్ను ఎరగనట్టే కూచుంది. నేనూ ధైర్యంగానే ఉన్నాను.

ఆ షాటు వచ్చింది. ఆమె తల వెనక్కి వాల్చి, నోరంతా తెరిచి నవ్వుతోంది. హాల్లో ఎవరో "అమ్మగారు కదూ!" అన్నారు. తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఆపడానికి లాప్‌టాప్ మీద ఏ మీట నొక్కాలో తోచలేదు. ఆమె మాత్రం తెరకేసే చూస్తోంది. అయిపోయాక కాళ్ళమీద పడినంత పని చేశాను. ఆమె పాస్టరుగారి వెనకే నడిచి వెళ్ళిపోయింది.

సినిమాలోంచి ఆ షాటు తీసేశాను. తీసేసి ఏం లాభం?

పది రోజులకి ధైర్యం చేసి ఫోన్ చేశాను.

"సంఘపెద్దలు ఇంటికొచ్చారమ్మా. మా అమ్మగారు కూలికి పోవడమేంటని ఏడ్చారు. ఇప్పుడు నెలనెలా బియ్యం, పప్పులు వాళ్ళే తెచ్చిస్తన్నారు."

తప్పని తెలిసినా నాకు కాస్త ఊపిరాడింది. "పోనీలెండి, ఎండలో ఆ ఘాటు తప్పింది కదండీ. ఇల్లు గడిస్తే చాలు" అన్నాను.

"ఇల్లెప్పుడూ గడుస్తానే ఉందమ్మా."

నాకర్థం కాలేదు. "అంటే?" అన్నాను.

"మా ఊళ్లో నాకు ఎదురొస్తే అందరూ లేచి నిలబడతారు. నేనొస్తే మాటలాపేస్తారు. ఇరవై రెండేళ్ళయింది. ఆ కల్లంలోనేనమ్మా నన్ను ఒసే అని పిలిచేది."