మూడో అంకంలో లేని గొడుగు

డిగ్రీ ఆఖరి సంవత్సరంలో మాకు ఒక పాత సాంఘిక నాటకం పాఠ్యంగా ఉండేది. మూడు అంకాలు, ఒకే ఇల్లు. రిటైరైన బడిపంతులు, ఆయన భార్య, ఎప్పుడూ కొట్టుకునే ఇద్దరు కొడుకులు. గోడకు ఒక మేకు, మేకుకు ఒక నల్ల గొడుగు. నాటకం బజారులో దొరికేది కాదు. మా తెలుగు మేడమ్ దగ్గర ఒక ప్రతి, ఉప్పల్‌లోని మా కాలేజీ లైబ్రరీలో ఇంకొకటి ఉండేవి. లైబ్రరీ ప్రతిని ఎవరో రింగురోడ్డు దగ్గర జిరాక్స్ తీయిస్తే, దాన్నుంచి మిగతా వాళ్ళం తీయించుకున్నాం. పేజీ అడుగున ఉండే అంకెలు జిరాక్స్‌లో తెగిపోయాయి. ఎవరమూ పట్టించుకోలేదు.

పాఠం ఇంకా మొదలుపెట్టకముందే ఒక రోజు మేడమ్ ఇంటర్నల్ మార్కులకు వ్యాసం రాయమంది. నాటకంలో మళ్ళీ మళ్ళీ వచ్చే ఒక ప్రతీకను తీసుకుని విశ్లేషించాలి. క్లాసులో అందరం గొడుగే తీసుకున్నాం. ఆ నాటకంలో మళ్ళీ మళ్ళీ కనిపించే వస్తువు ఇంకేదీ లేదు మరి.

నాచారంలో మా అద్దె ఇంట్లో, వంటింటి గడప మీద కూర్చుని ఆ సాయంత్రమే మొదలుపెట్టాను. మా నాన్న కోస్తా నుంచి వచ్చి మల్లాపూర్‌లో ఒక ఫ్యాక్టరీలో గుమాస్తాగా స్థిరపడిన మనిషి. ఏం రాస్తున్నావని అడిగాడు. నాటకంలో గొడుగుకు అర్థం ఏమిటో పది పేజీలు రాయాలని చెప్పాను.

"వానొస్తే వేసుకుంటారు. మిగతా తొమ్మిదిన్నర పేజీల్లో ఏం రాస్తావమ్మా?" అన్నాడు.

నాకు ఆ బెంగేమీ లేదు. గొడుగు రక్షణకు ప్రతీక అని రాశాను. నల్లరంగు కాబట్టి మృత్యువుకు ప్రతీక. కర్ర ఉంది కాబట్టి అధికారానికి. గుండ్రంగా విచ్చుకుంటుంది కాబట్టి కాలచక్రానికి. పది పేజీలు చాలక వెనకవైపు కూడా రాశాను.

మేడమ్ మొదటి పేజీ చదివి నన్ను నిలబెట్టింది. ఆమె గొంతు ఎప్పుడూ పెంచేది కాదు, అదే మా భయం. రక్షణ అని రాశావు కదా, నాటకంలో ఈ గొడుగు కింద ఎవరైనా తలదాచుకున్నారా అని అడిగింది. నేను ఆలోచించి, లేదు మేడమ్ అన్నాను. కాలచక్రం ఎక్కడుందని అడిగింది. గొడుగు గుండ్రంగా ఉంటుంది కదా మేడమ్ అన్నాను. క్లాసు నవ్వింది. మేడమ్ నవ్వలేదు.

"గొడుగంటే లోకంలో ఏమిటో నిన్ను అడగలేదు. ఈ నాటకంలో ఏమిటో అడిగాను," అంది.

తర్వాత బోర్డు మీద ఏమీ రాయకుండా, కుర్చీలో కూర్చునే చెప్పింది. గొడుగు వచ్చే ప్రతి చోటా ఆగాలి. మాటల్లోనే కాదు, బ్రాకెట్లలో ఉండే రంగ సూచనల్లో కూడా చూడాలి. అప్పుడు అది ఎవరి చేతిలో ఉంది, దానికి ముందు ఎవరు ఏమన్నారు, తర్వాత ఏం జరిగింది గమనించాలి. ప్రతిసారీ ఒకేలా ఉన్నదేమిటి, ఎక్కడ మారింది చూడాలి. మారిన చోటే అర్థం దొరుకుతుంది. ఇంటి దగ్గర్నుంచి అర్థం మూటగట్టుకుని నాటకంలోకి వెళ్ళొద్దని చెప్పి, అందరి కాగితాలూ వెనక్కిచ్చేసింది.

నా పక్కన కూర్చునే స్నేహితురాలిది పాత ఉప్పల్. వాళ్ళ తాతల కాలంలో ఆ రింగురోడ్డు ఉన్నచోట వాళ్ళకు పొలం ఉండేదట. మనిషి నిదానం. ఏదైనా నమ్మాలంటే రెండుసార్లు అడిగేది. ఇద్దరం లైబ్రరీ వెనక మెట్ల మీద కూర్చుని, గొడుగు కనిపించిన చోటల్లా ఎర్ర పెన్సిల్‌తో గీత గీశాం.

గీతలు పెరిగేకొద్దీ నాకు ఒక విచిత్రం కనిపించింది. ఆ గొడుగును ఎవరూ విప్పరు. పెద్దకొడుకు అలిగి వెళ్ళిపోతానంటాడు, మేకు మీద నుంచి గొడుగు తీస్తాడు, తల్లి ఆపుతుంది, మళ్ళీ తగిలిస్తాడు. చిన్నవాడూ అంతే. పంతులుగారు ఇక ఈ ఇంట్లో ఉండనని గొడుగు అందుకుంటాడు. ఎవరో తలుపు తడతారు, మళ్ళీ తగిలిస్తాడు. గొడుగు తీసినవాడెవడూ గడప దాటలేదు. అది వానకోసం ఉన్నది కాదు. వెళ్ళిపోవాలన్న కోరిక, వెళ్ళలేకపోవడం రెండూ ఆ మేకుకే వేలాడుతున్నాయి. ఎవరూ చెప్పకుండా నేనే చదివి పట్టుకున్న మొదటి అర్థం అది.

చిక్కంతా మూడో అంకంతో వచ్చింది. అక్కడ గొడుగు లేదు. కొడుకులిద్దరూ ఇల్లు పంచమంటారు, పంతులుగారు లేచి, "ఈసారి నన్నెవరూ" అంటాడు. వాక్యం అక్కడే ఆగిపోతుంది. వెంటనే భార్య, "అలాగే పట్టుకోండి, దించకండి," అంటుంది. తర్వాత కొడుకులు తలలు దించుకుని నిలబడతారు. తెర పడుతుంది.

నాకు ఇది మహా గొప్పగా తోచింది. రెండు అంకాల్లో వేలాడిన వస్తువు మూడో అంకంలో మాయమవడం రచయిత చేసిన అద్భుతం అన్నాను. లేకపోవడమే ఇక్కడ ప్రతీక. వాక్యం తెగిపోవడం తెగిన బంధాలకు గుర్తు.

నా స్నేహితురాలికి ఇది మింగుడు పడలేదు. "అలాగే పట్టుకోండి అంటుంది గదా. ఏం పట్టుకోమంటుందే?"

"ధైర్యం," అన్నాను.

"ధైర్యాన్ని దించకుండ పట్టుకుంటరా?"

నువ్వు మరీ మాటకు మాట అర్థం చూస్తావని విసుక్కున్నాను. ఆమె పెన్సిల్‌తో ఆ మాట చుట్టూ సున్నా చుట్టి, పక్కన ప్రశ్నార్థకం పెట్టుకుంది.

వ్యాసాలను క్లాసులో చదివి వినిపించాలని మేడమ్ అంది. మొదటి పేరు నాదే. మా అమ్మ ఇస్త్రీ చేసిన చుడీదార్ వేసుకుని వెళ్ళాను. మొదటి రెండు అంకాలూ చదువుతుంటే మేడమ్ తల ఊపుతోంది. ఆమె తల ఊపడం అంతకుముందు ఎవరమూ చూడలేదు. ఉత్సాహం పెరిగి, మూడో అంకంలో గొడుగు ఒక్కసారి కూడా కనిపించకపోవడమే ఈ నాటకానికి ప్రాణం అని గొంతు పెంచి చదివాను.

మేడమ్ తల ఆగింది. తన పుస్తకం తీసింది, ఒక కాగితం తిప్పింది, చదివింది, మళ్ళీ వెనక్కి తిప్పింది. తర్వాత నా జిరాక్స్ ఇమ్మంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. నేను నిలబడే ఉన్నాను. ఇంత లోతుగా ఎవరూ ఆలోచించలేదని మేడమ్ కదిలిపోయిందేమో అనుకున్నాను.

"నీ జిరాక్స్‌లో అరవై ఒకటో పేజీ తర్వాత అరవై నాలుగు ఉంది," అంది చివరికి.

ఒక జిరాక్స్ కాగితం మీద పుస్తకంలో ఎదురెదురు పేజీలు రెండు వస్తాయి కదా. మొదట తీయించినవాళ్ళ దగ్గర ఒక కాగితం జారిపోయింది. ఎక్కడ జారిపోయిందో ఎవరికీ తెలియదు. ఆ జారిపోవడం క్లాసు మొత్తానికీ అంటుకుంది.

మేడమ్ మిగతా వ్యాసాలు అప్పటికప్పుడే తెప్పించుకుని, మూడో అంకం గురించి ఎవరు ఏం రాశారో పైకి చదవడం మొదలుపెట్టింది. ఒకడు పేదరికం వల్ల గొడుగు అమ్ముకున్నారని రాశాడు. ఒకమ్మాయి అది భారతీయ కుటుంబ వ్యవస్థ అదృశ్యం కావడమని రాసింది. వెనక బెంచీ అబ్బాయి, పెద్దకొడుకు గొడుగు దొంగిలించి ఉంటాడని, అందుకే చివర తల దించుకున్నాడని రాశాడు. ఉన్నంతలో అదే నయం అంది మేడమ్. నాది మళ్ళీ చదివి, ధైర్యం దగ్గరికి వచ్చేసరికి ఆగలేక నవ్వేసింది. ఆమె నవ్వడం చూసి మేమందరం ముందు బిత్తరపోయి, తర్వాత పడి పడి నవ్వాం.

నా స్నేహితురాలి వ్యాసం చివర్లో వచ్చింది. అందులో ఒక వాక్యం ఉంది. మూడో అంకంలో భార్య దేన్నో పట్టుకోమంటుంది, అదేమిటో నాకు తెలియలేదు, అక్కడ ఏదో తప్పిపోయినట్టుంది. మేడమ్ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. తెలియలేదని రాయడానికి కూడా చదవాలి అంది.

తర్వాత ఆ రెండు పేజీలూ తానే చదివి వినిపించింది. పంతులుగారు, ఈసారి నన్నెవరూ ఆపలేరంటూ గొడుగు తీసి గడప దాకా వెళ్తాడు. నిజంగానే ఎవరూ ఆపరు. బయట వాన మొదలవుతుంది. పెంకులు కారి, అన్నం ఉడుకుతున్న పొయ్యి మీద చుక్కలు పడతాయి. ఆయన వెనక్కి తిరుగుతాడు. నాటకంలో మొదటిసారి గొడుగు విప్పి పొయ్యికి అడ్డంగా పట్టుకుంటాడు. అన్నం ఇంకా ఉడకలేదు అంటుంది భార్య. అలాగే పట్టుకోండి, దించకండి అంటుంది.

పెద్దకొడుకు దొంగ అని రాసినవాడు మెల్లగా సారీ అన్నాడు, ఎవరికి చెప్పాడో తెలియదు.

వారం గడువిచ్చి మళ్ళీ రాయమంది. నేను ఇంటికి వచ్చి ఆ రెండు పేజీలూ నాన్నకు చదివి వినిపించాను. ఆయన అంతా విని, కొడుకుల్లో ఒక్కడైనా లేచి గొడుగు అందుకున్నాడా అని అడిగాడు. లేదన్నాను. వెధవలు అన్నాడు. ఆ ప్రశ్న నాకు తట్టలేదు. చివర కొడుకులు తలలు ఎందుకు దించుకుని నిలబడ్డారో అప్పుడు అర్థమైంది. అది కూడా రాశాను.

ఈసారి తిప్పలు వేరే వచ్చాయి. ఆయన వెళ్ళిపోగలిగి కూడా తన ఇష్టంతో ఉండిపోయాడు, కాబట్టి గెలిచాడు అని నేను రాశాను. అవే గీతలు, అవే వాక్యాలు పెట్టుకుని నా స్నేహితురాలు ఓడిపోయాడని రాసింది. ఇద్దరికీ సమానంగా మార్కులు వచ్చాయి. నాకు మండింది. ఇద్దరిలో ఎవరిది ఒప్పు మేడమ్ అని స్టాఫ్ రూముకు వెళ్ళి అడిగాను. నీది నేను ఒప్పుకోను, కానీ నువ్వు చూపించిన ఆధారాలు కాదనలేను, ఆమెదీ అంతే, ఇక క్లాసుకు వెళ్ళు అంది.

ఆ సాయంత్రం నా స్నేహితురాలు మా ఇంటికి వస్తానంటే ఇద్దరం ఉప్పల్‌లో బస్సెక్కాం. హబ్సిగూడ దాటకముందే వాదన మొదలైంది.

"అన్నం కోసం ఆగిండు. గెలుసుడు ఏడుంది అండ్ల?"

"ఆగమని ఎవరూ అనలేదు. తనే ఆగాడు."

"ఆకలైతే ఎవలు జెప్పాల్నే?"

ముందు సీట్లో ముసలాయన వెనక్కి తిరిగి, ఎవరింటి గొడవమ్మా ఇది, పెద్దమనుషులు లేరా అని అడిగాడు. ఇల్లు పంచమనే కొడుకుల నాటకం అని చెబితే నమ్మలేదు. ఆస్తి పంపకాలంటే కోర్టుకు పోవద్దని, పెద్దకొడుకును పిలిచి మాట్లాడమని సలహా ఇచ్చాడు. ఆయనకు కథంతా మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. ఇద్దరం చెరోవైపు నుంచి చెప్పాం. చెప్పడం అయ్యేసరికి నాచారం ఎప్పుడో వెళ్ళిపోయింది, మల్లాపూర్‌లో దిగాం.

ఫ్యాక్టరీల్లో షిఫ్టు వదిలిన జనంలో పడి వెనక్కి నడిచాం. ఆమె ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు. ఇంటికి చేరేసరికి నాన్న మాకంటే ముందే వచ్చి, అన్నం ఉడికిందా అని అమ్మను అడుగుతూ కాళ్ళు కడుక్కుంటున్నాడు.