అడ్మిన్ అడిగినా చెప్పకండి

ఆ నోటీసు రాసింది నేనే. దానిలో ఒక్క తప్పు కూడా లేదని ఇప్పటికీ నా నమ్మకం. ఇబ్బంది అక్కడే వచ్చింది.

మదనపల్లెలో మా కాలేజీ, పుంగనూరులో, కుప్పంలో దాని శాఖలు. మూడింటి మెయిలూ ఒకే పాత సర్వర్ మీద నడిచేది. ఎండాకాలంలో అది నాకంటే ముందే అలసిపోయేది. కొత్తది కొనడానికి యాజమాన్యం ఒప్పుకోగానే సిబ్బందికి నోటీసు పంపాను. శుక్రవారం సాయంత్రం ఆరు నుంచి ఆదివారం మధ్యాహ్నం పన్నెండు దాకా మెయిల్ పనిచేయదు. ఆ మధ్యలో బయటివాళ్లు పంపినవి పోవు, ఆలస్యంగా చేరతాయి. పాత పాస్‌వర్డులు కొత్త సర్వర్‌లో చెల్లవు. పన్నెండు తర్వాత ఎవరిది వారు మార్చుకోవాలి. ఓటీపీ మీ పేరున నమోదైన ఫోన్‌కు వస్తుంది, ఆ నంబరు సరిగా ఉందో లేదో ముందే చూసుకోండి. చివర పెద్ద అక్షరాల్లో: ఓటీపీ ఎవరికీ చెప్పకండి. అడ్మిన్ అడిగినా చెప్పకండి.

ఆ అడ్మిన్‌ను నేనే. ఆ చివరి మాట రాసుకుని కాసేపు మురిసిపోయాను కూడా.

ఆదివారం మూడున్నరకు కుప్పం శాఖ నుంచి కెమిస్ట్రీ మేడమ్ ఫోన్ చేశారు. ఆమెను నేనెప్పుడూ చూడలేదు.

"సార్, పన్నెండు నుంచి సూస్తాండాను. ఓటీపీ రాలేదు. ఐదు లోపల మెయిల్ పంపాల సార్."

బెంగళూరులో ఒక పరిశోధన సంస్థ ఆమెకు ఫెలోషిప్ ఇచ్చింది. మూడోసారి పెట్టిన దరఖాస్తు. ఒప్పుకుంటున్నానని కాలేజీ మెయిల్ నుంచే, ఆదివారం ఐదులోగా జవాబు రాయాలి. లేకపోతే ఆ చోటు తర్వాతి మనిషికి పోతుంది. శుక్రవారం మధ్యాహ్నం ఫోన్‌లో ఆ మెయిల్ చూసి, ఇంట్లో ఒక మాట అడిగి రాద్దామనుకున్నారట. ఇంట్లో మాట తెగేసరికి మెయిల్ ఆగిపోయింది.

రికార్డు తెరిచాను. ఆమె పేరు పక్కన ఉన్నది పుంగనూరు శాఖ హెడ్ క్లర్కు నంబరు. కిందికి జరిపాను. కుప్పం వాళ్లు పంతొమ్మిది మందికి అదే నంబరు.

"మా చైర్మన్ గారు సెలవు రోజుల్లో గూడా పనికి రమ్మని ఫోన్ చేస్తారు కద సార్," అన్నారామె, గొంతు తగ్గించి. "అప్పుడు ఆ హెడ్ క్లర్కు గారు కుప్పంలోనే పని చేసేవారు. ఫారాల్లో అందరం ఆయన నంబరే రాసినాం. ఆయన ఎత్తి, మేడమ్ ఊర్లో లేరని చెప్పేవారు."

ఆ నంబరు మార్చే అధికారం నాకుంది. అదే నా భయం. కిందటి నెల ఎవరో ప్రిన్సిపాల్‌నని ఫోన్ చేసి నా చేత పాస్‌వర్డ్ మార్పించబోయాడు. గొంతు వినేసి నమ్మకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను.

ఎన్నిసార్లో చేశాక నాలుగుంపావుకు హెడ్ క్లర్కు ఫోన్ ఎత్తాడు.

"అన్నా, నీ ఫోన్‌కు ఓటీపీలు వచ్చినాయా?"

"వచ్చినాయప్పా. నలభైకి పైనే ఉండాయి. ఒక్కటీ ఎవురికీ సెప్పలా."

"కుప్పం మేడమ్‌ది ఇప్పుడు కొత్తది పంపిస్తాను. అది ఆమెకు..."

"యాల సెప్పాల? నువ్వే కదా రాసినావు, అడ్మిన్ అడిగినా సెప్పొద్దని. ఇంతకూ నువ్వు నువ్వేనా?"

చాలా సబబైన ప్రశ్న. ఇన్నాళ్లలో నా నోటీసును అక్షరాలా పాటించిన మనిషి ఆయనొక్కడే. పాటించకుంటే బాగుండునని నేను కోరుకున్న మనిషీ ఆయనే.

గడియారం నాలుగు ఇరవై రెండు. ఆమెను కూడా అదే కాల్‌లోకి కలిపాను.

"ఓటీపీ వద్దులే అన్నా. ఈ గొంతు ఎవరిదో చెప్పు, చాలు."

ఆయన తొందరపడలేదు. "అమ్మా, కుప్పంలో మన స్టాఫ్ రూంలో ఫ్యాను యాడుండాది?"

"ఫ్యాను యాడుందన్నా? కొక్కెమే కదా ఉండేది. ఫ్యాను నువ్వే పుంగనూరుకు తీసుకపోతివి!"

"ఆ యమ్మేలేప్పా," అన్నాడు చిన్నగా.

నాలుగు ముప్పై ఒకటికి ఆమె సొంత నంబరు ఎక్కించాను. ఓటీపీ వచ్చింది. మొదటి పాస్‌వర్డును చిన్నదని సర్వర్ తిప్పికొట్టింది. ఆ నిబంధన పెట్టింది కూడా నేనే. నాలుగు నలభై నాలుగుకు "పంపినాను సార్" అన్నారు.

లాగ్ చూశాను. మెయిల్ పోలేదు. మా కొత్త సర్వర్ ఎవరో అవతలి సర్వర్‌కు తెలియదు. కొంచెంసేపాగి మళ్లీ రమ్మంది. కొత్తవాళ్లను అలా గుమ్మంలో నిలబెట్టడం మంచి సర్వర్ల అలవాటు. మాది పది నిమిషాలాగి తనంతట తాను మళ్లీ ప్రయత్నిస్తుంది. ఆమెకు ఆ సంగతి చెప్పాను. ముగ్గురిలో ఎవరమూ ఫోన్ పెట్టేయలేదు. హెడ్ క్లర్కు దగ్గు వినిపిస్తూనే ఉంది.

నాలుగు యాభై నాలుగు. ఈసారి తీసుకుంది.

"చేరింది మేడమ్."

గట్టిగా ఊపిరి వదలడం వినిపించింది. తర్వాత అనుమానంగా అడిగారు. "సార్, ఇప్పుడు రికార్డులో నా నంబరే కదా ఉండేది? చైర్మన్ గారు ఫోన్ చేస్తారా?"

"ఇక మీకే చేస్తారు."

"చెయ్యనీ సార్. బెంగళూరులో ఉండానని నేనే చెప్పుకుంటాను."