వాచీలో ఉండిపోయిన పాటలు

మా ఆయన చర్చికి పాటలు కట్టేవారు. మిరప చేలో నీళ్లు పెడుతూ, రాగం తోచగానే చేతికున్న స్మార్ట్‌వాచీలో పాడి రికార్డు చేసుకునేవారు. ఫోన్ దగ్గరుంటే ఆ పాట ఫోన్‌లోకీ వెళ్లేది. కిందటేడు ఫోన్ నీళ్ల కాలవలో పడి చెడిపోయింది. కాయ అమ్మాక కొత్తది కొందామన్నారు. అప్పటినుంచి కట్టినవి వాచీలోనే ఉండిపోయాయి.

కోతలప్పుడు ఆయనకు పక్షవాతం వచ్చింది. గుంటూరు ఆసుపత్రిలో స్కానింగ్‌కి తీసుకెళ్తూ నర్సు వాచీ విప్పి నాకిచ్చింది. చేతి నుంచి తీస్తే అది లాక్ అయిపోతుంది. తెరవాలంటే చుక్కలు కలుపుతూ ఆయన గీసే ప్యాటర్న్ కావాలి. అదెలా ఉంటుందో నేనెప్పుడూ అడగలేదు.

ఇంటికొచ్చేసరికి ఆయనకు మాట పోయింది, కుడిచెయ్యి పడిపోయింది. ఎడమ వేలితో గీశారు. తప్పు. మరోలా గీశారు. అదీ తప్పే. కాసేపాగి ప్రయత్నించమని చూపింది వాచీ. ఆయన నుదుటి మీద కొట్టుకున్నారు.

"పోనీలెండి, రేపు గుర్తొస్తుంది" అన్నాను. రాలేదు.

గుంటూరు సర్వీస్ సెంటర్లో ఆవిడ వాచీ చూసి, "ప్యాటర్న్ మర్చిపోతే ఈ మోడల్‌కి రీసెట్టేనండి. లోపలున్నవన్నీ పోతాయి. బ్యాకప్‌లో ఉన్నవే తిరిగొస్తాయి" అంది.

"పాటలు మాత్రం తీయలేరా అమ్మా?"

"లాక్ తీయకుండా మా వల్ల కాదండి. ముందే రీసెట్ చెయ్యకండి. పాత ఫోన్ బాగు చేయించండి, దాంట్లోకి వచ్చినవైనా దక్కుతాయి."

ఫోన్ బాగయింది. పాత పాటలు దొరికాయి. నా ఫోన్‌లోకి కూడా ఎక్కించి ఒకటి వినిపించాను. తన గొంతు వినగానే ఆయన నోరు తెరిచారు. "ఆ... ఆ..." తప్ప ఏమీ రాలేదు. ఫోన్ పక్కకి తోసేసి, వాచీ మీద వేలితో పొడిచి చూపించారు. చివర్లో కట్టినవి కావాలి ఆయనకు. అవి ఫోన్‌లో లేవు.

తర్వాత ఒకరోజు నేను బళ్లో పాఠం చెబుతుండగా ఆయన బాత్‌రూమ్‌లో పడిపోయారు. నేనొచ్చేదాకా తడి నేలమీదే ఉన్నారు. మనిషి పడితే వాచీయే నాకు కబురు పంపేలా పెట్టుకోవచ్చు. కానీ ముందు అది తెరుచుకోవాలి. ఇంకో వాచీ కొనే స్థితిలో లేము.

"ఏవండీ, చెరిపేస్తే ఆ పాటలు ఇక రావు. చెరిపెయ్యమంటారా?"

ఆయన వాచీని ఎడమచేత్తో నావైపు జరిపారు.

బటన్లు నొక్కిపట్టి రీసెట్ చేశాను. బాగు చేయించిన ఫోన్‌తో కలిపితే బ్యాకప్‌లోంచి పాత అలారాలు, ఆయన నడిచిన అడుగుల లెక్కలు తిరిగొచ్చాయి. రికార్డింగుల దగ్గర ఏమీ లేదు.

పడితే నాకు కబురొచ్చేలా పెట్టి, ఆయన చేతికి వాచీ కట్టి బడికి వెళ్తున్నాను. ఆ పాటలేమిటో ఆయన చెప్పలేరు. కొన్నిసార్లు ఎడమచేత్తో మంచంకోడు మీద తాళం వేస్తారు, మధ్యలో ఆపేస్తారు. నేను వంటింట్లోకి వెళ్లిపోతాను.