నీళ్లు రెండు డిగ్రీలు తక్కువ వేడెక్కిన రోజు

జవాబు ముందే బోర్డు మీద రాసేసి, ఆ తర్వాత ప్రయోగం చేసి చూపించడం పరిమళకి అలవాటు. నందిగామ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పడానికి వచ్చినప్పటి నుంచీ అంతే. "లెక్క నిజమైతే నీళ్లు మన మాట వింటాయి" అనేది. నీళ్లు వినేవి కూడా. పిల్లలు థర్మామీటర్ మీదకి వంగి అంకె చదివి, బోర్డు వంక చూసి ఈల వేసేవాళ్లు. ఆ ఈలకి తిట్టినట్టు నటించేది గానీ, జగ్గయ్యపేట బస్సెక్కి ఇంటికెళ్లేదాకా అది చెవిలో మోగుతూనే ఉండేది.

వాళ్ల నాన్న శాంతయ్య వీరులపాడు మండలంలో పొలం పనులకి వెళ్లేవాడు. ఆ ఇంట్లో డిగ్రీ దాటి చదివింది పరిమళ ఒక్కతే. పెళ్లయ్యాక జగ్గయ్యపేటలో కాపురం. భర్త డేవిడ్‌రాజు సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. ఆరేళ్ల కూతురు సూసన్ ఒకటో తరగతి.

ఏడాది కిందట ఆవిడకి ఇత్తడి గిన్నెల మీద మనసు పడింది. అల్యూమినియం మంచిది కాదని అందరూ అంటుంటే, అమ్మమ్మ నాటి ఇత్తడి గిన్నెలు అటక మీద నుంచి దింపించింది. ఇత్తడిలో పులుపు వండితే చిలుము పడుతుంది కాబట్టి లోపల కళాయి, అంటే తగరం పూత, పెట్టించాలి. ఆ పనిచేసే సాంబయ్య పాత బజారులో కూర్చుంటాడు. గిన్నెని బొగ్గుల మీద కాల్చి, నవాసాగరం పొడి చల్లి, తగరం కడ్డీ ముట్టించి దూదితో తిప్పితే లోపలంతా వెండిలా మెరిసింది. పరిమళ మురిసిపోయింది. అప్పటి నుంచి పప్పుచారైనా, చేపల పులుసైనా, చింతకాయ పచ్చడి కలిపినా ఆ గిన్నెల్లోనే.

ఈ ఏడు ప్రాక్టికల్స్ ముందు ఆవిడకి ఒక ఆలోచన వచ్చింది. ల్యాబులో ఎప్పుడూ అదే రాగి ముద్ద, అదే ఇత్తడి గుండు. ఈసారి తగరం చూపిస్తే? సాంబయ్యనడిగితే కడ్డీలు కరిగించి అరచేతిలో పట్టేంత ముద్ద పోసిచ్చాడు. తూచి, ఆకురాయితో అరగదీసి సరిగ్గా రెండొందల గ్రాములకి తెచ్చింది.

ఆ రోజు క్లాసులో ముద్దకి దారం కట్టి ఆవిరి గొట్టంలో వేలాడదీసింది. అది నూరు డిగ్రీలకి కాగుతుండగా బోర్డు దగ్గరికెళ్లింది.

"ఒక గ్రాము నీళ్లని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక కేలరీ కావాలి. అదే ఒక గ్రాము తగరానికి? సున్నా పాయింట్ సున్నా ఐదు నాలుగు చాలు. దాన్నే విశిష్టోష్ణం అంటాం. అంటే ఈ రెండొందల గ్రాముల ముద్ద ఎంత నీటితో సమానం?"

"పదకొండు గ్రాములకి కొంచెం తక్కువ మేడమ్" అంది ముందు బెంచీలో సింధూర.

"కరెక్ట్. ఇక్కడ నీళ్లు వంద గ్రాములు. రాగి పాత్ర కూడా కాస్త వేడి తాగుతుంది కాబట్టి దాన్ని ఆరు గ్రాముల నీళ్లు అనుకుందాం. మొత్తం నూట ఆరు, ఇరవై ఎనిమిది డిగ్రీల దగ్గర ఉన్నాయి. ముద్ద పోగొట్టుకున్న వేడి, నీళ్లూ పాత్రా సంపాదించుకున్న వేడి సమానం. చివరికి అన్నీ ఒకే చోట ఆగుతాయి."

లెక్క కట్టి 34.7 అని రాసి చుట్టూ గీత గీసింది. ముద్దని తీసి చటుక్కున నీళ్లలోకి దించి మూతపెట్టి కలిపింది. సింధూర థర్మామీటర్ మీదకి వంగింది. పాదరసం ఎక్కింది, నెమ్మదించింది, ఆగింది.

"ముప్పై రెండున్నర మేడమ్."

"సరిగా చూడు."

"ముప్పై రెండున్నరే మేడమ్. ఇంక ఎక్కట్లా."

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. పరిమళ కూడా నవ్వేసింది. తీసేటప్పుడు ఆలస్యమై చల్లారి ఉంటుందంది. మళ్లీ చేసింది. మళ్లీ అంతే. బెల్లు కొట్టారు, పిల్లలు వెళ్లిపోయారు. ఆవిడ మాత్రం కదల్లేదు.

పొరపాటు చేతిదా, సామానుదా తేల్చుకోవాలని రాగి ముద్ద తీసుకుని అదే బరువుతో, అదే నీళ్లతో చేసింది. ముప్పై ఎనిమిదిన్నర దగ్గర ఆగాలి, ఆగింది. అంటే థర్మామీటర్ బాగానే ఉంది. దారిలో పోయిన వేడి లెక్కలోకి రానంత కొంచెం. తప్పు తగరం ముద్దలోనే ఉంది.

ఈసారి లెక్క తిరగేసింది. నీళ్లు ముప్పై రెండున్నర దగ్గర ఆగాలంటే ఆ లోహం విశిష్టోష్ణం ఎంతుండాలి? సున్నా పాయింట్ సున్నా మూడు ఐదు వచ్చింది. గోడ మీద పట్టిక ఉంది. వేలు పెట్టి వెతికింది. రాగి కాదు, ఇనుము కాదు, తగరమూ కాదు. దగ్గరగా ఉన్నది ఒక్కటే. సీసం, సున్నా పాయింట్ సున్నా మూడు ఒకటి.

ముద్దని తెల్లకాగితం మీద రుద్దింది. పెన్సిల్ గీసినట్టు నల్లగా చార పడింది. తగరమైతే అలా పడదు.

అప్పటిదాకా అది ప్రాక్టికల్స్ సంగతి. ఆ చార చూశాక కాదు. సీసం. కళాయి. పులుసు. సూసన్.

నాలుగు నెలలుగా సూసన్ కడుపు నొప్పంటోంది. అన్నం దగ్గర గొడవ. మొహం పాలిపోయింది. నులిపురుగులని మందిచ్చారు, రక్తం తక్కువని టానిక్ ఇచ్చారు. స్కూల్లో టీచరు 'పిలిస్తే పలకట్లేదండీ, పరధ్యానం ఎక్కువైంది' అని చెప్పింది. పుల్లటిది పెడితే తింటుంది కదా అని పరిమళ రోజూ తన చేత్తోనే ఆ గిన్నెలోంచి పులుసు పోసి కలిపి పెట్టింది.

ముద్దని కాగితంలో చుట్టుకుని కెమిస్ట్రీ ల్యాబుకి పరిగెత్తింది. అక్కడ కెమిస్ట్రీ లెక్చరర్ నవీన్‌బాబు పరీక్షనాళికలు కడుగుతున్నాడు.

"ఇందులో సీసం ఉందేమో చూడండి సార్. ఇప్పుడే."

ఆవిడ మొహం చూసి అతను వెంటనే కాస్త రజను గీకి నైట్రిక్ ఆమ్లంలో వేడిచేశాడు. అడుగున కొంచెం తెల్లటి మడ్డి మిగిలింది. "ఇది తగరం మేడమ్, ఈ ఆమ్లంలో కరగదు" అన్నాడు. పైన తేరిన నీటిని వేరే నాళికలోకి వంచి పొటాషియం అయోడైడ్ రెండు చుక్కలు వేశాడు. నాళిక నిండా పసుపు కలిపినట్టు పచ్చటి మడ్డి తేలింది.

"సీసమే" అన్నాడు. "చాలా ఉంది. ఎక్కడిదండీ ఇది?"

"మా వంటింట్లోది."

బస్సులో కూర్చుని డేవిడ్‌రాజుకి ఫోన్ చేసింది. "ఏవండీ, ఇంట్లో వండింది ఏదీ పాపకి పెట్టకండి. పారబోసెయ్యండి. వచ్చి చెప్తా" అంది. ఫోన్ పెట్టేసింది.

మర్నాడు విజయవాడలో సూసన్ రక్తం పరీక్షకిచ్చారు. రిపోర్టులో సీసం డెసిలీటరుకి ముప్పై ఎనిమిది మైక్రోగ్రాములని వచ్చింది. డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి, "పిల్లల ఒంట్లో ఇది అసలు ఉండకూడదమ్మా. ఐదు దాటితేనే మేం కంగారు పడతాం" అంది. డేవిడ్‌రాజు కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. పరిమళ అడిగింది, "నేనే పెట్టానండీ. తగ్గుతుందా?"

"వచ్చే దారి మూసేశారుగా. అదే సగం వైద్యం. ఐరన్, కాల్షియం ఇస్తాం, మళ్లీ మళ్లీ చూస్తాం. నెమ్మదిగా దిగుతుంది. పూర్తిగా ఏ నష్టమూ లేకుండా పోతుందని మాత్రం నేను మాటివ్వలేను."

తిరిగొచ్చాక పరిమళ సాంబయ్య దగ్గరికి కోపంతోనే వెళ్లింది. అతను పొయ్యి దగ్గర గుండిగ తిప్పుతున్నాడు. "నువ్వు పెట్టింది తగరం కాదు బాబాయ్, సీసం. విషం" అంది గట్టిగా. బజారులో నలుగురు తలలు తిప్పారు.

సాంబయ్య అర్థం కానట్టు చూశాడు. "తగరమే కదా టీచరమ్మా. కొట్టువాడు తగరమనే ఇచ్చాడు. ఏడాదిన్నర బట్టి అదే వాడుతున్నా. కొంచెం బరువనిపించింది గానీ, కరగడం మాత్రం తొందరగా కరుగుతోందని సంబరపడ్డా."

పరిమళ చెప్పడం మొదలుపెట్టింది. పాత బ్యాటరీల సీసంలో కాస్త తగరం కలిపి ఎవరో కడ్డీలు పోసి ఉంటారని, పులుపు తగిలితే అది కూరలోకి దిగుతుందని. చెప్తూ చెప్తూ అతన్ని చూసి ఆగిపోయింది. గోళ్ల సందుల్లో బూడిదరంగు మట్టి. గుండిగ తిప్పుతున్న మణికట్టు పట్టు లేనట్టు వేలాడుతోంది.

"నీకు కడుపు నొప్పుందా బాబాయ్?"

"చాన్నాళ్ల బట్టి ఉంది. ఈ చెయ్యి కూడా లేవట్లా. వయసనుకున్నా." అని ఆగాడు. గుండిగ చేతిలోంచి జారి రాళ్ల మీద దొర్లింది. "అంటే, నేను ముట్టిన గిన్నెలన్నీ..."

"అన్నీ."

సాంబయ్య కూలబడ్డాడు. పరిమళ వెళ్లి పక్కన కూర్చుంది. మొదట అతనికి గుర్తొచ్చింది బస్టాండు దగ్గర మెస్సు నడిపే సుబ్బమ్మ. రోజూ వందమందికి సాంబారు కాచే గుండిగలు ఆవిడవి. ఆ మాట బయటికొచ్చాక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని లేచి నిలబడ్డారు.

సుబ్బమ్మ మొదట కొట్టడానికొచ్చింది. మధ్యాహ్నం సాంబారంతా పారబోయమంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. సాంబయ్య గుండిగ అడుగు మీద రుమాలు రుద్ది నల్లటి మరక చూపించాడు. "నా పనే అమ్మా ఇది. నన్ను తిట్టండి, పిల్లలకి మాత్రం పోయకండి" అన్నాడు. సుబ్బమ్మ గుండిగ తనే ఈడ్చుకెళ్లి కాలవలో వంచింది.

అలా వారమంతా తిరిగారు. ఏ ఇంట్లో ఏ గిన్నెకి కళాయి పెట్టాడో సాంబయ్యకి చేతి గుర్తు. కొందరు తలుపులు వేశారు, కొందరు అక్కడే ఏడ్చారు. ఆరోగ్యశాఖ వాళ్లు వచ్చి రక్తాలు తీశారు. పిల్లల్లో పది మందికి పైగా సీసం ఎక్కువే తేలింది. కడ్డీలు అమ్మిన కొట్టు మూయించారు. కొట్టువాడు ఇంకెవరి దగ్గరో కొన్నానన్నాడు. ఆ ఇంకెవరో ఇప్పటికీ దొరకలేదు.

సాంబయ్య రక్తంలో సీసం డెబ్బై రెండొచ్చింది. ఆసుపత్రిలో చేర్చుకుని మందెక్కించారు. చెయ్యి కొంత లేచింది గానీ గుండిగ తిప్పేంత కాదు. ఇప్పుడు పాత బజారులో అతని చోట కొళాయిలు బాగుచేసే కొట్టుంది. అప్పుడప్పుడూ వచ్చి అరుగు మీద కూర్చుని పోతాడు.

సూసన్ రక్తంలో సీసం ముప్పై ఎనిమిది నుంచి ఇరవై నాలుగుకి, తర్వాత పధ్నాలుగుకి దిగింది. కడుపు నొప్పి పోయింది. అన్నం అడిగి తింటోంది. లెక్కల్లో మాత్రం ఒక్కోసారి మధ్యలో ఆగిపోయి కిటికీ వంక చూస్తుంది. అది సీసం వల్లో, పిల్ల తీరే అంతో ఎవరూ చెప్పలేరు. పరిమళ తొందరపెట్టదు. పక్కన కూర్చుని, పిల్ల తనంతట తను మళ్లీ పెన్సిల్ అందుకునేదాకా చూస్తూ ఉంటుంది.