రోజుకు ఒక్క సగటు

హిందీ మాట్లాడే ఉర్లాలోని ఒక రోలింగు మిల్లులో నేను కొలత పరికరాల విభాగానికి పెద్దగా ఉన్న కాలంలో, నేను రాసిన ఒక నియమం వల్ల ఒక మనిషి జీవనాధారం పోబోయింది. సంగతి తేలేదాకా అన్నం సహించలేదు.

అతడు పంపుహౌసు ఆపరేటరు. శ్రీకాకుళం నుంచి వచ్చి, మిల్లుకు దగ్గరి బీర్‌గావ్‌లో రెండు గదుల ఇంట్లో కాపురం ఉండేవాడు. కొలిమి గొట్టాలకు చల్లని నీరు పంపే రెండు పంపులూ అతని అధీనంలో ఉండేవి. ఒకటి నడిస్తే రెండవది నిరీక్షించాలి. వాటి అదురును, మోటారు కరెంటును రెండు సెకన్లకొకసారి నా సర్వరు రాసుకునేది. మిల్లంతటి కొలతలూ ఆ వేగంతో రాస్తే డిస్కు నెల తిరగకుండా నిండేది. కొత్త డిస్కు అడిగితే పైవారు, "పాతవన్నీ ఎవడు చూస్తాడు?" అన్నారు.

రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపులో పనిచేసిన మా నాన్నగారు డబ్ల్యూఆర్ఎస్ కాలనీ క్వార్టరులో సాయంత్రాలు నాకు కావ్యం చెప్పేవారు. ముందు ప్రతిపదార్థం, పిదప తాత్పర్యం. నేనూ ఆ ధోరణిలోనే నియమం కట్టాను. పదిహేను రోజుల వరకు ప్రతి కొలతా యథాతథంగా ఉండాలి. అటుపైన ఆ దినమంతటికీ ఒక్క సగటు మాత్రం మిగలాలి. ప్రతి ఉదయం ఆరింటికి, షిఫ్టు మారే వేళ, పదహారవ రోజుకు చేరిన కొలతలు సగటుగా ఇమిడి, అసలువి తుడిచిపెట్టుకుపోయేవి. మూడేళ్ల చరిత్ర పిడికెడు చోటులో అమరింది. మూడు ఎండాకాలాలు, మూడు వర్షాకాలాలు ఒక్క తెర మీద కనబడుతుంటే నాకు గర్వం కలిగిన మాట దాచను.

ఒక మధ్యాహ్నం మొదటి పంపు బేరింగు బిగుసుకుపోయింది. సీలు మార్చడానికి రెండవ పంపును ఆ పూటే విప్పి పెట్టారు. నీరు ఆగింది. కొలిమిలోని గొట్టాలు వంగిపోయాయి, మిల్లు నిలిచింది.

సూపర్‌వైజరు ఆ సాయంత్రమే నా గ్రాఫును అచ్చు తీసి, మరునాడు విచారణ బల్ల మీద పరిచాడు. మూడేళ్లుగా అదురు రేఖ రెండు దగ్గర చదునుగా సాగి, ప్రమాదానికి సరిగ్గా పదిహేను రోజుల ముందు గోడ ఎక్కినట్లు ఆరుకు లేచింది. ఆనాటి లాగ్‌బుక్కులో ఆపరేటరు చేవ్రాలుతో, బేరింగుకు గ్రీజు పట్టించినట్లు ఉంది.

"ఉస్ దిన్ క్యా డాలా థా? బోలో!" అని, ఆ దినం ఏమి వేశావో చెప్పమని మేనేజరు గద్దించాడు.

"గ్రీజే సాబ్. ఎప్పుడూ ఏసేదే."

"ఆ దినం వరకు పంపు బాగుంది. నీ చెయ్యి పడ్డాకే చెడింది" అన్నాడు మా తెలుగువాడే అయిన సూపర్‌వైజరు.

"బాగుందేటి బావూ! వానల కాడ నుండీ సెప్తన్నాను, సెయ్యెట్టి సూడండని. మీరేటన్నారు? తెర మీద గీత సల్లగుంది, నీ పంపుకి జవానీ, మళ్లీ పడుచుదనం వస్తోందిరా అని నవ్వినారు. ఇస్రాంతి లేకండా నడపొద్దని రెండో పంపు ఇప్పిన పొద్దూ సెప్పినాను."

తొలగింపు ఉత్తరం టైపయిందనీ, వచ్చే సోమవారం సంతకమవుతుందనీ సాయంత్రానికి తెలిసింది. బయట సైకిలు స్టాండు దగ్గర అతడు నన్ను ఆపాడు.

"మీ యంత్రం అబద్ధమాడదంట గదా బావూ. మరి నాను ఆడినానా?"

అతడు అబద్ధమాడాడనీ నమ్మలేను, నా గ్రాఫు ఆడిందనీ ఒప్పుకోలేను.

ప్రమాదమైన అయిదు రోజులకు, శుక్రవారం, మేనేజరు రంగుల ప్రతి ఒకటి కావాలన్నాడు. కొత్తగా అచ్చు తీసి, పాతదాని ప్రక్కన పెట్టాను. గోడ కదిలింది. మొదటి ప్రతిలో గ్రీజు పట్టించిన దినాన లేచిన రేఖ, ఈ ప్రతిలో అయిదు రోజులు ఇవతల లేచింది. పంపు చెడిన దినం ఎలా కదులుతుంది?

కదిలింది ఆ దినం కాదు, నా నియమపు సరిహద్దు. గోడకు ఇవతలివి అసలు కొలతలు; వాటిలో పంపు ఆగిన వేళల సున్నలను గ్రాఫు గీయదు. అవతలివి దినసరి సగటులు. చదునుగా ఉన్న ఆ సగటులో ఏమున్నదో అప్పుడు బోధపడింది. పంపు ఆగి ఉన్నప్పుడు అదురు సున్న. ఆ సున్నలను కూడా నేను సగటులో కొలతలుగానే కలిపాను. ఆరోగ్యంగా రోజంతా రెండు దగ్గర నడిచిన పంపుకు సగటు రెండు. ఆరు దగ్గర వణుకుతూ దినంలో మూడవ వంతే నడిచి, తక్కిన కాలం విశ్రమించిన పంపుకూ సగటు రెండే. జబ్బు ముదిరిన కొద్దీ అతడు విశ్రాంతి పెంచాడు. పెంచిన కొద్దీ నా తెర దానికి స్వస్థత చెప్పింది. అతని జాగ్రత్తే అతని మీద సాక్ష్యమైంది.

పరుగున వెళ్లి తుడిచివేత ఆపించాను. అప్పటికే అయిదు ఉదయాలు గడిచాయి. ప్రమాదానికి ముందరి పది రోజుల అసలు కొలతలే మిగిలాయి. నకళ్లు ఎక్కడా లేవు. వానల నుంచి గడిచిన ఎనిమిది నెలల ప్రతిపదార్థాన్ని నా చేతులతో చెరిపి, తప్పు తాత్పర్యం మిగిల్చాను. శనివారమంతా గదిలో ఊరక కూర్చున్నాను.

ఆదివారం ఒక దారి తోచింది. కరెంటుకూ దినసరి సగటు ఉంది. ఆ పంపు మీద వాల్వు ఎన్నడూ మార్చరు గనుక, నడిచినంతసేపూ కరెంటు ఇంచుమించు తొంభై ఆంపియర్లు, ఆగితే సున్న. దినసరి సగటు ముప్ఫై ఉంటే ఆ దినం మూడవ వంతే నడిచిందన్నమాట. అదురు సగటు రెండును ఆ మూడవ వంతుతో భాగిస్తే ఆరు. మిగిలిన పది రోజుల మీద ముందు పరీక్షించాను. ఈ లెక్క చెప్పిన అంకె, అసలు కొలతల నుంచి నడిచిన కాలానికి మాత్రమే తీసిన సగటుతో దాదాపు సరిపోయింది. అప్పుడు మూడేళ్లకూ భాగించాను. చదునురేఖ వానల మొదలు నుంచి మెల్లగా, నెలనెలా పైకి లేచింది. గ్రీజు దినాన ఏ మలుపూ లేదు.

సోమవారం సంతకానికి ముందు బల్ల దగ్గర నిలబడి, తప్పు నాదని చెప్పాను. "ఇన్నేళ్లూ గాడిదలు కాశావా?" అన్నాడు సూపర్‌వైజరు. కరెంటు నిలకడగా ఉందని ఎలా నమ్మమంటావని మేనేజరు అడిగాడు. పది రోజుల పట్టిక చూపించాను. చాలాసేపు చూసి ఉత్తరాన్ని సొరుగులో పెట్టాడు. చించలేదు.

ఆపరేటరు పనిలో నిలిచాడు. ఆ నెల రావలసిన వార్షిక జీతం పెంపు మాత్రం ఇవ్వలేదు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. నేను నియమం తిరగరాశాను. ఇప్పుడు దినానికి నాలుగు అంకెలు మిగులుతాయి: నడిచిన కాలం, నడిచినప్పటి సగటు, కనిష్ఠం, గరిష్ఠం. చోటు పెద్దగా పెరగలేదు. మొదటే చేయవలసిన పని అది.

కొన్నాళ్లకు పంపుహౌసుకు వెళితే, అతడు చేతిలోని నోటుబుక్కు మూయకుండానే లేచి నిలుచున్నాడు. పంపు ఆపిన వేళ, మళ్లీ నడిపిన వేళ వరుసగా రాసి ఉన్నాయి.

"ఇప్పుడు సర్వరు అదంతా రాసుకుంటోంది" అన్నాను.

"రాసుకోనివ్వండి బావూ" అని పెన్ను చేతిలోకి తీసుకుని, గడియారం వంక చూసి, ఆ పూట వేళ రాసుకున్నాడు.