కాస్త చూడండి

మా బావకు తెలిసిన మర్యాదంతా రెండు మాటల్లో ఉంది: "కాస్త చూడండి." బస్సులో సీటు కావాలన్నా అదే మాట, పళ్ళ డాక్టరు ముందు నోరు తెరిచేటప్పుడూ అదే మాట. కూరగాయలమ్మే ఆవిడ తూకం వేసేశాక కూడా "కాస్త చూడమ్మా" అంటాడు, ఆవిడ సణుగుతూనే రెండు మిరపకాయలు ఎక్కువ వేస్తుంది. మా అక్కను చేసుకుంటానని అడగడానికి వచ్చినప్పుడు నాన్నతోనూ అదే అన్నాడు. నాన్న పాపం చూశాడు.

బావ కుట్టుపని చేస్తాడు. పెళ్ళిబట్టలూ కాదు, ఫ్యాషనూ కాదు, హాస్పిటల్‌కి దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గౌన్లు. రేకుల షెడ్డులో మిషన్లు వరసగా ఉంటాయి, నేల మీద ఎక్కడ కాలు పెట్టినా దారప్పోగులు అంటుకుంటాయి. అక్కడ కుట్టే ఆడవాళ్ళందరికీ ఆయన "మాస్టారు". వాళ్ళలో పెద్దదాన్ని అందరూ పెద్దమ్మ అంటారు. ఆవిడకు చూపు మందగించింది, సూదిలో దారం పక్కవాళ్ళు ఎక్కించాలి. మరో చోటైతే ఎప్పుడో పంపించేసేవాళ్ళు. బావ పంపలేదు.

ఆ షెడ్డంతా ఒక్క పెద్ద హాస్పిటల్ మీద బతుకుతోంది. పాత కాంట్రాక్టు అయిపోయింది, కొత్తదానికి టెండరు పిలిచారు, బావ వేశాడు. రెండు కవర్లు: ఒకదాంట్లో అర్హత కాగితాలు, బట్ట నమూనాలు, రెండోదాంట్లో ధర. మొదటి కవరు అందరి ముందూ విప్పారు. అందులో నెగ్గినవాళ్ళ ధర కవరే విప్పుతారు. ఆ తరవాత వాటిని పరిశీలించే కమిటీ నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

షెడ్డులో చేతినిండా ఉండే పని గుప్పెడయింది. మిల్లువాళ్ళు టెండరులో మనం వేసిన బిడ్డు చెల్లే గడువు ఉన్నంతవరకే పాత ధరకి బట్ట ఇస్తామన్నారు, ఆ గడువేమో దగ్గర పడుతోంది. ఈ కాంట్రాక్టు రాకపోతే షెడ్డుకి తాళమే. ఇది బావకూ తెలుసు, కుట్టేవాళ్ళకూ తెలుసు. ఎవరూ పైకి అనేవారు కాదు.

"ఓసారి వెళ్ళి కనుక్కొస్తాను మరదలా," అన్నాడు బావ.

"వెళ్ళి ఎవర్ని అడుగుతావు?"

"హెడ్ నర్సమ్మ ఉందిగా, కమిటీలో. ఎన్నేళ్ళ నుంచి మన దుప్పట్లే వాడుతోంది."

నాకు ఒళ్ళు మండింది. నేను వేరే ఆఫీసులో కొనుగోలు విభాగంలోనే గుమాస్తాని. ఇలా కనుక్కోవడానికి వచ్చి చేజేతులా పాడు చేసుకున్నవాళ్ళను బల్లకు ఇవతల కూర్చుని చూసినదాన్ని. ఫలితం తేలేదాకా కమిటీ సభ్యులను ఎవరినీ కలవకూడదు, పలుకుబడి వాడాలని చూస్తే బిడ్డు కొట్టేస్తారు, టెండరు కాగితాల్లోనే ఉంటుంది. అడగాల్సిందల్లా నోటీసులో పేరున్న కొనుగోలు అధికారిని, అదీ రాతపూర్వకంగా. ఇవన్నీ చెప్పి, ఉత్తరం నేనే రాస్తానని కూర్చున్నాను.

టెండరు నంబరు, మనం వేసిన తేదీ. పరిశీలన ఏ దశలో ఉంది, ఫలితం సుమారుగా ఎప్పుడు తెలియజేస్తారు, బిడ్డు గడువు పొడిగించమని మమ్మల్ని కోరే ఉద్దేశం ఉందా. అంతే.

బావ చదివి మొహం ముడుచుకున్నాడు. "మరీ ఇంత ముక్కుసూటిగానా? ఇన్నేళ్ళుగా తమ సేవలో ఉన్నాం, దయ ఉంచగలరు అని ఒక్క ముక్క చేర్చు."

"దయ ఉంచమంటే దయ అడిగినట్టే బావా. పాత సేవ గుర్తు చేస్తే ఒత్తిడి చేసినట్టే. మనం అడిగేది వార్త, వరం కాదు."

"దయ అనకుండా ఉత్తరం ఎలా ముగుస్తుందే?"

"సంతకంతో."

నవ్వాడు గానీ మనసు ఒప్పలేదు. పోస్టులో వేద్దామంటే వినలేదు, హాస్పిటల్లో ఉత్తరాలు తీసుకునే ఇన్‌వార్డులో ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోవాలన్నాడు. అందులో తప్పేమీ లేదు. అయినా ఆయన నోటి మీద నమ్మకం లేక నేనూ సెలవు పెట్టి వెంట వెళ్ళాను. దారంతా ఒకటే పాఠం: ఉత్తరం ఇవ్వు, ముద్ర వేయించుకో, నోరు మూసుకుని రా. బుద్ధిమంతుడిలా తల ఊపాడు.

ఇన్‌వార్డు గుమాస్తా ఉత్తరం తీసుకుని, నకలు మీద ముద్ర కొట్టి తిరిగిచ్చాడు. బావ నోరు తెరవబోతే మోచేత్తో పొడిచాను. ఆ గదిలోంచి బయటపడ్డాం. నాకు ప్రాణం తేలికపడింది.

మెట్ల మలుపులో హెడ్ నర్సు ఎదురైంది. పక్కన ఫైలు పట్టుకుని ఒక డాక్టరున్నాడు. బావను చూసి ఆవిడ అలవాటుగా నవ్వబోయి ఆపుకుంది.

"బాగున్నారా అమ్మా?" అన్నాడు బావ.

"బాగున్నానండీ. మీరిప్పుడు నాతో మాట్లాడకూడదు. ఏదైనా ఉంటే ఆఫీసులో రాసివ్వండి."

చెయ్యి పట్టుకుని లాగాను. ఒక్క మెట్టు దిగాడు కూడా. అంతలో ఆవిడ నొచ్చుకుందేమోనన్న బెంగ పుట్టింది ఆయనకి. మా బావకి ఎవరైనా నొచ్చుకుంటే అన్నం దిగదు. వెనక్కి తిరిగి చేతులు జోడించాడు.

"రాసే ఇచ్చామమ్మా. వస్తాం మరి. కాస్త చూడండి."

ఆ డాక్టరు తలెత్తి బావను చూశాడు, తరవాత ఆవిడను చూశాడు. ఆవిడ మొహంలో రంగు పోయింది.

బయటికి వచ్చాక, "వస్తానని చెప్పొచ్చానంతే కదే," అన్నాడు. నిజంగానే ఆయన వస్తానని చెప్పాడంతే.

మా ఉత్తరానికి జవాబు రాలేదు, సంజాయిషీ నోటీసు వచ్చింది. పరిశీలన జరుగుతుండగా కమిటీ సభ్యురాలిని కలిసి తమ బిడ్డును చూడమని కోరినట్టు ఆమె లిఖితపూర్వకంగా తెలియజేశారు, వివరణ ఇవ్వండి అని. హెడ్ నర్సును తిట్టుకోవాలని ఎంత ప్రయత్నించినా నా వల్ల కాలేదు. పక్కన సాక్షి ఉండగా వినీ విననట్టు ఊరుకుంటే ఆవిడ మెడకే చుట్టుకుంటుంది. ఆవిడ చోట నేనున్నా అదే రాసేదాన్ని.

వివరణ రాయడానికి కూర్చున్నాం. అది ఆయన ఊతపదమండీ, కూరగాయల దగ్గర కూడా అంటాడండీ అని ఏ కమిటీకి రాస్తాం? రాసినా ఎవరు నమ్ముతారు? అయినా అదే రాశాం, నిజం అదొక్కటే కనక. చివర్న దయ అన్న మాట పెట్టమని బావ ఈసారి అడగలేదు.

బిడ్డు తిరస్కరించినట్టు ఉత్తరం వచ్చింది. దానితోబాటు ధర కవరు తిప్పి పంపారు. షెడ్డులో ఇస్త్రీ బల్ల మీద పెట్టి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు బావ. లక్క ముద్ర చెక్కుచెదరలేదు. దాని అంచున లక్క ఆరకముందే తగిలిన ఆయన బొటనవేలి గుర్తు కూడా అలాగే ఉంది. ఆ ధర కట్టడానికి మా అక్కా ఆయనా ఎంత తర్జనభర్జన పడ్డారో నాకు తెలుసు. ఏడుపొచ్చి గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాను.

మిషన్లు ఆగిపోయాయి. అందరూ అటే చూస్తున్నారు. పెద్దమ్మకి ఆ కవరు ఆనలేదు, ఏదో కాగితం వచ్చిందని మాత్రం తెలిసింది.

"ఏమన్నారు మాస్టారూ?" అంది.

బావ కవరు వెనక్కి తిప్పి, మళ్ళీ ముందుకు తిప్పాడు.

"చూడలేదమ్మా," అన్నాడు.